దిగ్భ్రాంతి లేని ఎత్తుగడ: లేపాక్షి మండపం నుండి ధర్మవరం మగ్గం దాకా

కథానికకు ఎత్తుగడ ప్రాణం అన్న మాట విమర్శలో పాతదే. పాఠకుణ్ణి మొదటి పేరాలోనే పట్టి నిలపాలన్న సూత్రంతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పట్టి నిలిపే సాధనం గురించే. కరువు, వలస, కక్షలు, నేత కార్మికుల ఆత్మహత్యలు వస్తువుగా గల రాయలసీమ కథకు ఒక సులభమైన మార్గం ఎప్పుడూ ఎదురుగా ఉంటుంది. మొదటి వాక్యంలోనే ఒక శవాన్నో, ఒక వేటకొడవలినో చూపితే పాఠకుడు ఉలిక్కిపడతాడు, చదువుతాడు. అయితే ఉలికిపాటు వల్ల పుట్టిన ఆసక్తి ఎంతసేపు నిలుస్తుంది, కథ మధ్యకు చేరేసరికి అది దేనిగా మారుతుంది అన్నవి విడిగా పరిశీలించవలసిన అంశాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో సజీవంగా ఉన్న రెండు కథన పద్ధతులను, తెలుగు కథానికకు తొలి మైలురాయిగా నిలిచిన ఒక రచనను పక్కపక్కన ఉంచి చూస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

హిందూపురానికి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయం పదహారవ శతాబ్దపు విజయనగర నిర్మాణం. దాని నిర్మాతగా ప్రసిద్ధుడైన విరూపణ్ణ పెనుకొండలో రాయల కోశాధికారి అని స్థానికుల కథనం. రాజు అనుమతి లేకుండా ఖజానా ధనాన్ని గుడికి వెచ్చించాడనీ, కళ్ళు తీయమని ఆజ్ఞ వెలువడగా తానే తన కళ్ళు పెరికి గోడకు కొట్టాడనీ జనశ్రుతి. దీని చారిత్రకత ఇక్కడ చర్చనీయాంశం కాదు. దిగ్భ్రాంతి కలిగించడానికి ఇంతకన్న తగిన సంఘటన దొరకడం కష్టం. అయినా ఆ కథను ఆలయంలో వినిపించే తీరుకు కళ్ళు పెరకడంతో మొదలుపెట్టవలసిన అవసరం లేదు. ఆవరణలో కల్యాణ మండపం ఉంది. చెక్కిన స్తంభాలు వరుసగా నిలిచి ఉన్నాయి, పైన కప్పు లేదు. శిల్పి చెయ్యి ఇంత దూరం వచ్చి ఎందుకు ఆగిపోయింది? ఆ ప్రశ్నను చూసేవాడి మనసులో స్తంభాలే లేపుతాయి. తరువాత గోడ మీది రెండు ఎర్రటి మచ్చలను చూపుతారు. ఆ తరువాతే విరూపణ్ణ పేరు వస్తుంది. హింస అక్కడ ఎర కాదు. అప్పటికే పుట్టిన ప్రశ్నకు అది జవాబు.

ఈ క్రమాన్ని తలకిందులు చేస్తే ఏమి నష్టమో గమనించాలి. కళ్ళు పెరకడంతో మొదలుపెడితే వినేవాడికి మిగిలే ప్రశ్న 'ఎలా జరిగింది' అన్నదొక్కటే. కప్పు లేని మండపంతో మొదలుపెడితే 'ఈ పని ఎవరికి అంత ముఖ్యం, ఎవరికి అభ్యంతరం' అన్న ప్రశ్న పుడుతుంది. మొదటిది సంఘటన తెలియగానే తీరిపోతుంది. రెండవది సంఘటన తెలిసిన తరువాత మరింత బరువెక్కుతుంది. భక్తికీ రాజాజ్ఞకూ మధ్య నలిగిన ఒక ఉద్యోగి జీవితం ఆ రెండవ ప్రశ్నలోనే ఉంది.

గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడింది. దాని ఎత్తుగడ అందరికీ తెలిసినదే అయినా ఈ దృష్టితో మరొకసారి చూడదగినది. అర్ధరాత్రి దాటి ఒంటి గంటకు గోపాలరావు ఇంటికి వచ్చి తలుపు తీయమని పిలుస్తాడు. ఎవరూ తీయరు. తోస్తే తలుపు తెరుచుకుంటుంది. ఇంట్లో చీకటి. అగ్గిపుల్ల గీసి చూస్తే మంచం మీద భార్య లేదు. ఇక్కడ ఎవరూ చావలేదు, రక్తం లేదు, అరుపు లేదు. ఇంటికి వచ్చిన మగవాడికి తలుపు తీయడమన్న నిత్యకృత్యం ఆ రాత్రి జరగలేదు, అంతే.

ఆ చిన్న లోపం ఒకేసారి రెండు ప్రశ్నలను లేపుతుంది. భార్య ఎందుకు తలుపు తీయలేదన్నది పైకి కనిపించే ప్రశ్న. ఇతడు ఇంత రాత్రి దాకా ఎక్కడున్నాడన్నది దాని కింద దాగిన ప్రశ్న. గోపాలరావు మొదటిదాని వెంట పరుగెడతాడు. పాఠకుడు అతనితోపాటు పరుగెడుతూనే రెండవదాన్ని మరచిపోడు, ఎందుకంటే గడియారం ఒంటి గంట కొట్టడం అతనూ విన్నాడు. కమలిని రాసి ఉంచిన ఉత్తరం గోపాలరావుకు దిగ్భ్రాంతి కలిగిస్తుంది. పాఠకుడికి మాత్రం అది తాను అప్పటికే అనుమానించినదానికి నిర్ధారణ. దిగ్భ్రాంతి పాత్రకు దక్కింది, వివేకం పాఠకుడికి దక్కింది. ఆ వివేకమే కథ చివర మంచం కింది నుండి వినిపించే నవ్వును శిక్షగా కాక దిద్దుబాటుగా వినిపింపజేస్తుంది. భార్య ఇల్లు విడిచిందన్న ఉత్తరంతోనే కథ మొదలై ఉంటే, పాఠకుడు కూడా గోపాలరావు లాగే ఆమె జాడ వెదకడంలో పడి, అతని తప్పును విచారించే తీరిక కోల్పోయేవాడు.

ఈ రెండు ఉదాహరణలలోనూ ముగింపు వినేవాడికి ముందు తెలియకపోవచ్చు. ముగింపు అందరికీ తెలిసిన కథకు ఎత్తుగడ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటకు వెళ్ళాలి. తోలుబొమ్మలాటకు పేరుపడ్డ గ్రామం అది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పురస్కారం పొందారు. రంగనాథ రామాయణ ద్విపదలు ఆధారంగా సాగే ఈ ఆటను చూడడానికి వచ్చేవారికి రావణుడు చస్తాడని తెలుసు. కాబట్టి సంఘటనతో ఉలికిపాటు కలిగించే అవకాశం ఆటగాడికి మొదటినుండీ లేదు. అతనికి ఉన్నది తెర, దీపం, మేకతోలు బొమ్మ.

బొమ్మను తెరకు దూరంగా పట్టుకుంటే ఇవతలివారికి మసక నీడ మాత్రమే కనిపిస్తుంది. తెరకు ఆనించగానే అంచులు తేరి, రంగులు వెలుగుతాయి. మసకకూ స్పష్టతకూ మధ్యనున్న ఆ కొద్ది క్షణాలలో ప్రేక్షకుడు వచ్చేది ఎవరో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తాడు. కిరీటం అంచు, నడక, పాట ఎత్తుబడి చూసి ముందే పోల్చుకున్నవాడికి ఒక సంతోషం ఉంటుంది. గణపతి ప్రార్థన తరువాత కేతిగాడు, బంగారక్క వచ్చి పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటలో ఊరి సంగతులు దొర్లుతాయి. రామాయణం ఇంకా మొదలుకాకముందే ప్రేక్షకుడు తెరతో మాట కలిపినవాడవుతాడు. ఇక్కడ ఆసక్తికి మూలం తెలియనిది కాదు. తెలిసినది తన కళ్ళ ముందు రూపుకట్టడం. అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. హాస్యం ప్రధాన కథతో ఏ సంబంధమూ లేకుండా సాగితే ప్రేక్షకుడు నవ్వుతాడు, కథ మొదలయ్యేసరికి తిరిగి చల్లబడతాడు. ఆధునిక కథలో ఆకర్షణీయమైన ఒక సంభాషణతో మొదలై, ఆ సంభాషణ మళ్ళీ ఎక్కడా అక్కరకు రాని సందర్భాలలో జరిగేదీ ఇదే.

ఈ పరిశీలనను ధర్మవరం పట్టునేత జీవితానికి అన్వయించి, ఊహాత్మకమైన ఒక కథకు రెండు ఎత్తుగడలను పోల్చవచ్చు. పని దొరకక అప్పుల పాలైన నేతగాడు ప్రాణం తీసుకోవడం వస్తువు అనుకుందాం. మొదటి ఎత్తుగడ తెల్లవారి అతని శవం కనబడడంతో మొదలవుతుంది. ఆ క్షణం నుండి పాఠకుడికి అతడు మనిషి కాదు, వార్త. తరువాత వచ్చే అప్పులు, ముడిపట్టు ధర, కూలి బాకీలు అన్నీ మరణానికి కారణాల జాబితాగా చదవబడతాయి. కారణాలు తెలిసిన పాఠకుడికి కథ ముగిసిపోయినట్టే. పత్రికలో చదివినదానికి మించి అతనికి దక్కేది తక్కువ.

రెండవ ఎత్తుగడకు మగ్గమే ఆధారం. ఒక పడుగు నేత పూర్తయ్యాక చివరి పోగులను మగ్గం మీద కొంత మేర అలాగే ఉంచుతారు. కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా అతుకుతారు. వేల పోగుల పని అది, ఓపిక కావాలి. ఇప్పుడు కథ ఇలా మొదలవుతుందనుకుందాం: నెల దాటినా కొత్త పడుగు రాలేదు. అయినా ఆ ఇంటి ఇల్లాలు రోజూ మధ్యాహ్నం మగ్గం మీది పాత పోగుల దుమ్ము దులిపి, చిక్కుపడకుండా సరిచేసి, పైన గుడ్డ కప్పుతుంది. భర్త ఆ పని చూడకుండా బయటికి వెళ్ళిపోతాడు. ఇందులో ఉలికిపాటు లేదు. కానీ ఆమె ఎందుకు కాపాడుతోంది, అతడు ఎందుకు చూడలేకపోతున్నాడు అన్న రెండు ప్రశ్నలు 'దిద్దుబాటు'లో లాగే ఒకే చర్యలో ఇమిడి ఉన్నాయి. లేపాక్షి మండపం లాగే ఇక్కడా సగంలో ఆగిన పని ఒకటి కళ్ళ ముందుంది. మరణం ఎప్పుడు వచ్చినా అది ఆ పోగుల మీదుగా వస్తుంది. ఆ తరువాత వాటి మీద కప్పిన గుడ్డను ఎవరు తీస్తారన్నది కథకు మిగిలే ప్రశ్న.

దిగ్భ్రాంతిని వదులుకున్న రచయిత పడే పొరపాట్లు కూడా ఉన్నాయి. ఎండను, గాలిని, ఎండిన చెరువును వర్ణిస్తూ ఒక పేరా గడిపితే వాతావరణం ఏర్పడుతుంది కానీ నిరీక్షణ ఏర్పడదు. ఆగిపోయిన పని ఏదీ అక్కడ ఉండదు. పాత్ర పేరు చెప్పకుండా 'అతడు' అంటూ చెప్పదగిన సమాచారాన్ని దాచడం మరొకటి. అది ఆసక్తి కాదు, దాగుడుమూత. దాచినది బయటపడగానే పాఠకుడు మోసపోయినట్టు భావిస్తాడు. ఈ లోపాలను గుర్తించడానికి పునఃపఠనమే తగిన పరీక్ష. ముగింపు తెలిసిన తరువాత మొదటి పేరా మళ్ళీ చదివితే దాని అర్థం పెరిగిందా, తరిగిందా అని చూడాలి. దిగ్భ్రాంతి రెండవసారి పనిచేయదు. ముగింపు తెలిశాక గోపాలరావు తలుపు దగ్గరి పిలుపు మాత్రం మరింత బాగా వినిపిస్తుంది, ఎందుకంటే చీకటిలో మంచం కింద ఎవరున్నారో ఇప్పుడు పాఠకుడికి తెలుసు.

మరణంతో మొదలయ్యే ప్రతి కథా లోపభూయిష్ఠమని దీని అర్థం కాదు. మరణం తరువాత బతికినవారి మధ్య ఏమి జరిగిందన్నదే వస్తువైతే అక్కడ మరణం సమాచారం మాత్రమే, ఎర కాదు. తేడా సంఘటనలో లేదు, సంఘటన తెలిశాక ప్రశ్న మిగిలిందా లేదా అన్నదానిలో ఉంది. సీమ కథ తన మనుషుల దుఃఖాన్ని మొదటి వాక్యంలోనే ఖర్చు చేసుకుంటే తరువాతి పుటలకు మిగిలేది వివరణే. కప్పు లేని మండపాన్ని, తెరకు ఇంకా ఆనని బొమ్మను, గుడ్డ కప్పిన పోగులను ముందుగా చూపగలిగితే, ఆ దుఃఖం వచ్చే సమయానికి దాన్ని అందుకోవడానికి పాఠకుడు సిద్ధంగా ఉంటాడు.