ఆకుకూ వక్కకూ నడుమ ఉండవలసిన గీత

తాంబూలంలో కీడు ఎక్కడున్నదన్న ప్రశ్నకు చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతపు పల్లెల్లోనే కాక తెలుగునాట అంతటా సాధారణంగా వినిపించే సమాధానం ఒకటే: పొగాకు చెడ్డది, ఆకూ వక్కా మంచివి. జర్దా మానేసి ఉత్త ఆకువక్క వేసుకుంటున్నవారు తాము అలవాటు మానినట్టే లెక్క వేసుకుంటారు. భోజనమయ్యాక తీపి వక్కపొడిని పిల్లల చేతిలోనూ పోస్తారు. తినుబండారాలలో పొగాకు, నికోటిన్ ఉండరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెప్పడంతో గుట్కా నిషేధానికి దారి ఏర్పడిందిగానీ, పొగాకు కలపని వక్కపొడి మాత్రం దుకాణాల ముందు దండలుగా వేలాడుతూనే ఉన్నది. అందువల్ల చట్టం కూడా ఆ పాత నమ్మకాన్నే బలపరచినట్టయింది. నిజానికి గీత గీయవలసిన చోటు పొగాకుకూ వక్కకూ మధ్య కాదు, వక్కకూ ఆకుకూ మధ్య.

ఈ సంగతి తేలడానికి వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టింది. నాటి తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరులో పనిచేసిన ఆర్ అనే వైద్యుడు తాంబూలం నమిలేవారి నోటి క్యాన్సర్ గురించి 1933లోనే వివరంగా రాశాడు. అయితే అక్కడివారి తాంబూలంలో ఆకు, వక్క, సున్నం, పొగాకు నాలుగూ కలిసే ఉండేవి కనుక కీడులో దేని పాలు ఎంతో విడదీయడం సాధ్యం కాలేదు. క్యాన్సర్ కారకాలను పరిశీలించి వర్గీకరించే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సైతం 1985లో పొగాకు కలిపిన తాంబూలాన్నే మనుషులలో క్యాన్సర్ కలిగించేదిగా తీర్మానించి, పొగాకు లేనిదాని విషయంలో ఆధారాలు చాలవని వదిలేసింది. ఆ ముడి విప్పడానికి ముఖ్యంగా తోడ్పడినది తైవాన్. అక్కడివారు పచ్చి వక్కను సున్నంతోనూ, కొన్నిచోట్ల ఆకుతోనూ కలిపి నములుతారు, పొగాకు మాత్రం కలపరు. అయినా వారిలో నోటి క్యాన్సర్ విస్తారంగా కనిపించింది. ఆ అధ్యయనాలనూ భారతదేశపు అధ్యయనాలనూ కలిపి చూసిన అదే సంస్థ 2004లో ప్రచురించిన సంపుటిలో పొగాకు లేని తాంబూలాన్ని, దానితోపాటు వక్కను విడిగా కూడా, మొదటి వర్గంలో, అంటే మనుషులలో క్యాన్సర్ కలిగిస్తాయని నిశ్చయంగా తేలినవాటిలో చేర్చింది.

వక్కలోని అరికోలిన్ అనే ఆల్కలాయిడ్ నరాలను ఉత్తేజపరచి, ఒంట్లో వెచ్చదనమూ చురుకుదనమూ కలిగించి, అలవాటును బిగిస్తుంది. ఇక వక్క చేసే హాని రెండు దారుల్లో సాగుతుంది. మొదటిది, సున్నం తగిలినప్పుడు నోట్లో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు కణాల జన్యుపదార్థాన్ని గాయపరుస్తాయి. రెండవది మరింత నెమ్మదైనది, కనుకనే మోసకరమైనది. వక్కలోని పదార్థాలు బుగ్గ లోపలి పొర కింద కొల్లాజెన్ అనే నారమాంసకృత్తిని ఎక్కువగా తయారు చేయిస్తాయి, తయారైనదాన్ని కరగకుండా అడ్డుకుంటాయి. వక్కలో హెచ్చుగా ఉండే రాగి ఆ నారల అల్లికను గట్టిపరుస్తుంది. మెత్తగా సాగవలసిన బుగ్గ ఇలా పట్టీలు కట్టి బిగుసుకుపోవడాన్ని నోటి అధఃశ్లేష్మ తంతీకరణం అంటారు. తూర్పు ఆఫ్రికాలో స్థిరపడిన అయిదుగురు భారతీయ స్త్రీలలో దీనిని గమనించి 1952లో తొలిసారి వర్ణించారు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బు ఉన్న 66 మందిని 17 ఏళ్లపాటు గమనించినప్పుడు వారిలో అయిదుగురికి క్యాన్సర్ వచ్చింది. సులువుగా దొరికే వక్కపొడి పొట్లాల వల్ల ఇప్పుడు ఇది ఇరవై ఏళ్లలోపు వారిలోనూ కనిపిస్తున్నది, అన్నిటికంటే బాధ కలిగించవలసిన మార్పు ఇదే.

ఇక ఆకు మాట. తమలపాకులోని యూజినాల్, హైడ్రాక్సీచావికాల్ వంటి పదార్థాలు జన్యుగాయాలను తగ్గించినట్టు ప్రయోగశాలల్లో తేలింది. జంతువులలో ఆకు క్యాన్సర్ కలిగించదనే వైపే ఆధారాలు మొగ్గుతున్నాయని పైన చెప్పిన సంస్థ కూడా గుర్తించింది. అయితే దీనికి రెండు హద్దులున్నాయి. ఆకు ఒక్కటే ఏళ్లతరబడి నమిలే మనుషులు అరుదు కనుక, మనుషుల విషయంలో ఈ నిర్ణయం జంతువుల, కణాల ప్రయోగాల మీదనే ఆధారపడి ఉన్నది. అంతకంటే ముఖ్యంగా, ఆకులోని మంచి వక్కలోని చెడుకు విరుగుడు కాదు, ఎందుకంటే రోగులు పుట్టుకొచ్చినది ఆకూ వక్కా కలిసిన తాంబూలం నుండే. ఏ సున్నమూ రాయని ఆకును బాగా కడిగి, అప్పుడప్పుడు సోంపుతోనో ఏలక్కాయతోనో నమలడం వల్ల హాని కలుగుతుందని చెప్పడానికి ఆధారం లేదని మాత్రం చెప్పవచ్చు.

ఉదాహరణకు, పొలం పనికి పోయే ఒక నడివయసు స్త్రీ పూటకు రెండు చొప్పున రోజుకు ఆరు తాంబూలాలు వేసుకుని, ఒక్కొక్కదాన్ని ఇరవై నిమిషాలు ఎడమ బుగ్గనే ఉంచుకుంటుందని అనుకుంటే, ఆ బుగ్గ రోజుకు రెండు గంటలు వక్కలో నానుతుంది. ఆమెకు మొదట తెలిసేది నొప్పి కాదు, కూరలో కారం మునుపటికంటే మండడం. తరువాత బుగ్గ పాలరాయిలా తెల్లబారడం, ముద్ద పెట్టుకోవడానికి నోరు చాలకపోవడం. తన సొంత వేళ్లు మూడింటిని నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టి చూసుకుంటే సంగతి తెలిసిపోతుంది: మూడు పట్టకపోతే పరీక్ష చేయించుకోవాలి. గీకితే పోని తెల్లమచ్చ, మెరిసే ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, వీటిలో ఏది కనిపించినా ఆత్మకూరు ప్రభుత్వ ఆసుపత్రికో నెల్లూరులోని దంతవైద్య కళాశాలకో వెళ్లాలి. వీటిలో ఎర్రమచ్చ మరింత ప్రమాదకరం. 30 ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష జాతీయ కార్యక్రమంలో భాగమే కనుక ఊరి ఆరోగ్య కార్యకర్తను అడిగితే టార్చిలైటు వేసి చూడగలరు.

వక్క మానడంలో ముందుగా చేయవలసినది ఎక్కువ కోరిక పుట్టే వేళలను గుర్తించడం. చాలామందికి అవి భోజనమయ్యాక, పనిలో విశ్రాంతి దొరికినప్పుడు, నలుగురు కూడిన చోట వస్తాయి. ఒక తేదీ పెట్టుకుని, వక్క డబ్బీని ఇంట్లోనుండి తీసేసి, ఆ వేళల్లో నోటికి సోంపు, లవంగం, ఏలక్కాయ అందేలా చూసుకోవాలి. ఆకు రుచి తగలగానే వక్క గుర్తొచ్చేవారు మొదటి నెలల్లో ఆకునూ పక్కన పెట్టడం మేలు. చిరాకు, తలనొప్పి, మనసు నిలవకపోవడం మొదటి కొన్ని రోజులు ఎక్కువగా ఉండి, క్రమంగా తగ్గుతాయి. పసిఫిక్‌లోని గువామ్, సైపాన్ దీవుల్లో వక్క నమిలేవారికి 22 రోజుల్లో అయిదు సమావేశాలు పెట్టి, పొగ మాన్పించే పద్ధతినే నేర్పినప్పుడు, చిన్న పుస్తకం మాత్రమే చేతికిచ్చినవారికంటే చాలా ఎక్కువమంది మానగలిగారు. ఒంటరిగా పట్టుదలతో కూర్చోవడంకంటే పక్కన అడిగే మనిషి ఉండడమే పని చేస్తుందని దీనివల్ల తెలుస్తున్నది. జర్దా కూడా ఉన్నవారు ఉచిత జాతీయ సహాయ సంఖ్య 1800-11-2356కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

పేరంటంలోనూ పెళ్లిలోనూ ఇచ్చే తాంబూలాన్ని కాదనడం మర్యాద కాదన్న సంకోచం చాలామందిని మళ్లీ వెనక్కు లాగుతుంది. అయితే ఆ ఆచారానికి కావలసింది ఇవ్వడమూ పుచ్చుకోవడమూ. నమలడం దానిలో భాగం కాదు. వక్కను కళ్లకద్దుకుని సంచిలో వేసుకున్నవారు ఏ మర్యాదా తప్పినట్టు కాదు. మానిన తరువాత క్యాన్సర్ ముప్పు తగ్గుతుందిగానీ, బిగుసుకున్న బుగ్గ తిరిగి పూర్వంలా కాదు, కొంత ముప్పు ఏళ్లపాటు మిగిలే ఉంటుంది. కాబట్టి వక్క మానినవారు కూడా ఏటేటా నోరు చూపించుకుంటూ ఉండాలి.