ఎవురికమ్మా, ఎప్పటికి?

ఒక మంగళవారం రాత్రి తొమ్మిది దాటాక మా టీచరక్క ఫోనుకు మెసేజీ వచ్చింది. "అక్కా, ఒక యోసన కావాల." అంతే. పేరు లేదు, ఊరు లేదు, సంగతి లేదు. మాటలు తెలుగే, అక్షరాలు తమిళం. కారియాపట్టి చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఇది మామూలే. ఇంట్లో మాట్లాడేది ఒక భాష, బడిలో చేతికి వచ్చింది ఇంకో లిపి. ఆ లిపిలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం గనక అవతలి మనిషి 'ఒక' అందో 'ఒగ' అందో చదివేవాళ్లే తేల్చుకోవాలి. సలహాను మేము యోసన అనే అంటాం.

టీచరక్క అరుప్పుకోట్టై దారిలో ఒక బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. లాయరు కాదు, డాక్టరు కాదు. ఎవరిని ఏ గుమ్మానికి పంపాలో తెలిసిన మనిషి. కానీ గుమ్మం చూపాలంటే ముందు సంగతి ఏమిటో తెలియాలి, చెప్పాల్సినవాళ్లేమో చెప్పరు. అలాంటప్పుడు ఆవిడ వేసే మొదటి ప్రశ్నల పనితనం గురించే నేను రాయబోయేది. ఆ రాత్రి మాటలను ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే, ఆనవాళ్లు మార్చి ఇక్కడ పెడుతున్నాను.

ముందు నా నిర్వాకం చెప్పాలి. ఏడాది కిందట ఇలాంటి మెసేజీ నాకూ ఒకటి వచ్చింది. వెంటనే "దేని గురించి?" అని రాశాను. నా మట్టుకు నాకు అది మర్యాదైన ప్రశ్నే. రెండు నీలం గీతలు పడ్డాయి. అరగంట తరవాత "ఏమీ లేదన్నా, ఊరికే" అని జవాబు. ఆ 'ఊరికే' వెనక ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు. మొదటి ప్రశ్న బెడిసిందనడానికి 'ఏమీ లేదు' కంటే గట్టి గుర్తు ఉండదని టీచరక్క తరవాత చెప్పింది. 'దేని గురించి' అని అడిగితే అవతలివాళ్లు తమ బాధకు ముందు ఒక పేరు పెట్టాలి. పేరు పెట్టడమే వాళ్లకు కష్టమైన పని. పైగా ఇంటి సంగతికి పేరు పెడితే అందులో ఎవరో ఒకరి మీద నింద పడుతుంది. అందుకే కదా విషయం మింగేసి 'యోసన కావాల' అని ఊరుకున్నది.

టీచరక్క రాసిన మొదటి జవాబు ఇది: "ఉండానమ్మా. నీకా, ఇంట్లో వేరే ఎవురికైనానా?"

ఆ 'ఉండాను' ముందు రావడాన్ని గమనించండి. ప్రశ్న తరవాతి సంగతి, ముందు మనిషి అందుబాటులో ఉందని కబురు. ఆ వెనక వచ్చిన ప్రశ్నకు ఒక్క మాట చాలు, ఆ మాటతో ఎవరి గుట్టూ బయటపడదు. "నాకే" అని వచ్చింది. ఆ చిన్న మాటతో పిల్లల చదువు, అత్తగారి పింఛను, మామగారి కంటి ఆపరేషను, అన్నీ పక్కకు తప్పుకున్నాయి. ఒకవేళ "మా స్నేహితురాలికి" అని వచ్చినా టీచరక్క నమ్మినట్టే మాట్లాడుతుంది. ఆ స్నేహితురాలు ఎవరో ఆవిడకు చాలాసార్లు తెలుసు. ఆ ముసుగు తీయాల్సిన పని లేదంటుంది. దాని చాటునుంచే మనిషి సాఫీగా మాట్లాడుతుందట.

రెండో ప్రశ్న: "రాస్తే మేలా, ఫోను చేస్తే మేలా?" దానికి "రాస్తాను అక్కా, అందరూ ఉండారు" అని జవాబొచ్చింది. నాలాంటివాడు దీన్ని వసతి గురించిన ప్రశ్న అనుకుని దాటిపోతాడు. కానీ చూడండి, 'అందరూ' వినకూడని సంగతి అంటే అది ఆ ఇంటి సంగతే. ఎవరి ముందు మాట్లాడలేనిదో ఆ అమ్మాయి తనకు తెలియకుండానే చెప్పేసింది.

మూడోది: "ఎప్పటికి తేలాల? రేపా, నిదానంగా చూసుకుందామా?" జవాబు: "గురువారం."

ఈ ప్రశ్న మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఒంట్లో బాగాలేనివాళ్లు గురువారం అనరు, ఇప్పుడే అంటారు, లేకపోతే ఎన్నాళ్లనుంచో అంటారు. మొగుడూ పెళ్లాల తగవుకు వారం ఉండదు. గురువారం అన్నది ఎవరో పెట్టిన గడువు. గడువు పెట్టేది ఆఫీసు, బ్యాంకు, కోర్టు, లేకపోతే ఆఫీసుకు తీసుకుపోయే మనిషి. ఆస్పత్రులూ పెడతాయనుకోండి, కానీ అప్పుడు ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది.

అందుకే నాలుగో ప్రశ్న: "కాయితం ఏమైనా చేతికి వచ్చిందా?" అని. "ఇంకా రాలేదు. కయ్యెళుత్తు పెట్టాలంట." కయ్యెళుత్తు అంటే మా వైపు సంతకం. 'అంట' అన్న తోకను కూడా వదలకండి. పెట్టాలి అని తన నోట రాలేదు, ఇంకొకరి మాటను మోసుకొచ్చింది.

ఇక్కడ టీచరక్క ఒక మెట్టు మాత్రం దిగింది: "లోనుదా, భూమిదా, వేరేదా?" ఆ చివరి 'వేరేదా' ఒక దెబ్బ తిన్నాక నేర్చుకున్నది. ఒకసారి ఒక కుర్రాడు కాయితం ఉందంటే "ఆస్పత్రిదా, కోర్టుదా?" అని అడిగిందట. వాడు బెదిరిపోయి రెండు రోజులు పలకలేదు. తీరా చూస్తే అది కాలేజీవాళ్లు ఇవ్వబోమన్న టీసీ గొడవ. మన మనసులో ఉన్న రెండు పెట్టెలనే ముందు పెడితే అవతలివాళ్లు వాటిలో ఇమడలేక నోరు మూసుకుంటారు. ఇళ్లలో రోజూ వినబడే మాటలు ముందు పెట్టాలి, చివర ఒక తలుపు తెరిచి ఉంచాలి.

"భూమిది. నాయనది."

పదకొండు నిమిషాలు గడిచాయి. సంగతి ఇప్పుడు టీచరక్కకు తెల్లమే. నాయన పోయాడు, పొలం అన్న పేరుకు మారాలి, చెల్లెలు విడుదల పత్రం మీద సంతకం పెట్టాలి, గురువారం రిజిస్ట్రారాఫీసు. ఈ పని మా కరిసల్ నేలలో కొత్తది కాదు. ఇంత తెలిశాక నేనైతే "అన్న అడుగుతున్నాడా?" అని రాసేవాణ్ణి. ఆవిడ రాయలేదు. ఒక నిమిషం ఊరుకుంది. అప్పుడు ఆ అమ్మాయే రాసింది: "అన్న మంచోడే అక్కా." అడగని ప్రశ్నకు వచ్చిన జవాబు అది. అడిగి ఉంటే ఆ మాట అన్న తరఫున వాదనగా మారేది.

'ఎందుకు' అన్న మాట ఆ పదకొండు నిమిషాల్లో ఒక్కసారి కూడా రాలేదని రెండోసారి చదివినప్పుడు గానీ నాకు తట్టలేదు. లైబ్రరీకి వచ్చి తడబడేవాళ్లను ఎలా అడగాలన్న దాని మీద బ్రెండా డెర్విన్, పాట్రీషియా డ్యూడ్నీ అనే ఇద్దరు 1986లో ఒక వ్యాసం రాశారు. ఎందుకు కావాలని గుచ్చకుండా, ఏ పరిస్థితిలో ఉన్నారో, ఎక్కడ ఆగిపోయారో, దొరికినదానితో ఏం చేయబోతున్నారో అడగమన్నారు. మన భాషలో 'ఎందుకమ్మా' అంటే సగంసార్లు గదమాయింపే. టీచరక్క ఆ వ్యాసం చదవలేదు. ముప్పయ్యేళ్లు పిల్లల మధ్య గడిపింది, అంతే.

ఇక ఆవిడ వేయకుండా దాచిపెట్టిన ప్రశ్నలూ ఉన్నాయి. పొలం నాయన సంపాదించుకున్నదా, తాతల నాటిదా? పెళ్లి ఏ సంవత్సరం? చట్టానికి కావాల్సినవి ఇవి. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికి 1956 నుంచీ కొడుకుతో సమాన వాటా ఉంది. తాతల ఆస్తి కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు అందులో హక్కు ఇచ్చింది. తమిళనాడు 1989 మార్చి 25 నుంచి ఇచ్చింది, కానీ రెండుచోట్లా అప్పటికే పెళ్లయినవాళ్లను బయట పెట్టారు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చి ఆ అడ్డు తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న చిక్కును సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో విప్పింది, ఉండనక్కరలేదని. ఇదంతా టీచరక్కకు తెలుసు. తెలిసినా 'పెళ్లెప్పుడమ్మా' అని మొదటే అడిగితే ఆ అమ్మాయి అన్న మీద కేసు వేయబోతున్నారనుకుని జడుసుకునేది.

ఆ రాత్రి ఆఖరి ప్రశ్న వేయడంలో ఒక చిన్న మెలిక ఉంది. "ఇంకేమైనా ఉందా?" అనలేదు. "ఇంకోటి ఏదో అడగాలనుకుంటివి కదమ్మా?" అంది. తేడా ఇంత సన్నం. అమెరికాలో జాన్ హెరిటేజ్ బృందం 2007లో డాక్టర్ల దగ్గర దీన్నే పరీక్షించింది. 'ఇంకేమైనా' అన్న ధోరణిలో అడిగితే, అడగనిదానికీ దానికీ పెద్ద తేడా కనబడలేదు. 'ఇంకోటి ఏదైనా ఉందనుకుంటా' అన్న ధోరణిలో అడిగితే రోగులు చెప్పకుండా తీసుకెళ్లిపోయే బాధల్లో 78 శాతం తగ్గాయి. మొదటిది లేదనే జవాబును ఆశిస్తుంది, రెండోది ఉందనే జవాబును.

ఆ అమ్మాయికి నిజంగానే ఇంకోటి ఉంది. "అన్నతో మాట పోకూడదక్కా."

అంటే భూమి అన్నది సరైన గదే, కానీ ఆమె నిలబడ్డది ఆ గది వాకిట్లో. హక్కుల లెక్క కాదు ఆమెకు ఆ రాత్రి కావాల్సింది, గురువారాన్ని తగవు లేకుండా దాటించే మాట ఒకటి. టీచరక్క పంపింది రెండే వరసలు. "ఆ కాయితం నకలు ముందు ఇయ్యి అన్నా, చదివి పెడతాను అని చెప్పు. రిజిస్టరైనాక మార్చాలంటే కోర్టుకే పోవాల." ఆడవాళ్లకు సంపాదనతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉందనీ, 15100కు ఫోను చేయొచ్చనీ మరునాడు చెప్పింది, ఆ రాత్రి కాదు.

ఈ మెట్లన్నీ ప్రతివాళ్లకూ పనికిరావు. 'ఎప్పటికి' అన్నదానికి "ఇంక ఎప్పుడైతే ఏమి" అన్న ధోరణిలో జవాబొస్తే ఆవిడ ఈ వరస మొత్తం వదిలేస్తుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగుతుంది. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా 14416కు కలుపుతుంది, అక్కడ తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడతారు. మెత్తదనం అక్కడ పనిచేయదు.

గురువారం సాయంత్రం నేను వాళ్లింట్లో కాఫీ తాగుతుంటే ఫోను మోగింది. నాలుగు పేజీల స్టాంపు కాయితం ఫోటోలు. కింద "అన్న ఏమీ అనలేదు అక్కా" అని ఉంది. టీచరక్క కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది, పేజీలు ఒకటొకటే పెద్దవి చేసి చదివింది. తరవాత టైపు చేసింది:

"మంచిది. ఇప్పుడు చెప్పమ్మా, నీ పెళ్లి ఏ సంవత్సరం?"