కాగితం మీది ఉపన్యాసం అట్టముక్కల మీదికి

మద్నూర్ జెండా పండుగ సభలో ఉపన్యాసం వినేవాళ్లంతా ఇంట్లో తెలుగే మాట్లాడరు. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు ఆనుకుని ఉన్న ఊరు కాబట్టి ఒక వరుసలో మరాఠీ, ఇంకో వరుసలో కన్నడం వినిపిస్తుంది. ఇలాంటి చోట మూడు పేజీల కాగితం పట్టుకుని తల దించి గడగడా చదివితే, తెలుగు బాగా వచ్చినవాళ్లకే సగం అందదు. అందుకే రాసుకున్నదాన్ని అట్టముక్కల మీదికి దించుకోవాలి. శుభలేఖల వెనక తెల్లగా ఉండే వైపు ఇందుకు చక్కగా సరిపోతుంది. గాలికి రెపరెపలాడదు, చెయ్యి వణికినా చప్పుడు రాదు.

ఉదాహరణకు, ఊరి చరిత్ర మీద ఐదు నిమిషాలు మాట్లాడాల్సిన టీచరు ఇలా రాసుకున్నారనుకుందాం: “1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి కానీ మన ఇళ్లలో మరాఠీ, కన్నడం మాత్రం ఆగిపోలేదు.” కాగితం మీద బాగానే ఉంది. నోటితో ఒక్క ఊపిరిలో చెప్పలేం. అట్టముక్క మీదికి వచ్చేసరికి ఇలా అవుతుంది:

4
1956 నవంబరు 1న /
హైదరాబాద్ రాష్ట్రం – మూడు ముక్కలు //
నాందేడ్ జిల్లా, దెగ్లూర్ తాలూకాలోని /
బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు – ఆంధ్రప్రదేశ్‌లోకి //
ఇళ్లలో మరాఠీ, కన్నడం – ఆగిపోలేదు ///
1:35

పైన ఉన్న 4 ముక్క వరుస సంఖ్య. వేదిక ఎక్కేటప్పుడు చేజారి కింద పడితే అదే ఆదుకుంటుంది. మూలన చిల్లు పొడిచి దారం కట్టుకుంటే ఇంకా నిశ్చింత.

ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నదే ఇందులో అసలు పని. “వచ్చాయి” అన్న క్రియ పోయింది, ఎందుకంటే “ఆంధ్రప్రదేశ్‌లోకి” అని చూడగానే అది నోటికి దానంతటదే వస్తుంది. విభక్తిని మాత్రం కొయ్యకూడదు. “దెగ్లూర్ తాలూకా” అని మాత్రమే రాసుకుంటే, వేదిక మీద అది “తాలూకా నుంచా, తాలూకాలోనా, తాలూకాకా” అని నాలుక తడబడుతుంది. “ఆగిపోలేదు” కూడా ఉండి తీరాలి. మన భాషలో కాదనే మాట వాక్యం చివర వస్తుంది. అది మరిచిపోతే అర్థమే తలకిందులవుతుంది.

విరామం గుర్తు పెట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త. “మన బడి మూసేస్తారని / ఎవరూ అనలేదు” అని మధ్యలో ఆగారనుకోండి, ఆ క్షణంలో సభ సగం కలవరపడుతుంది. ఆ వాక్యాన్ని ఆపకుండా చెప్పాలి, లేదా “ఎవరూ అనలేదు, బడి మూసేస్తారని” అని తిప్పి రాసుకోవాలి. రెండోదే నాకు నచ్చుతుంది, వినేవాడికి ఆందోళన ఉండదు.

ఒక గీత అంటే చిన్న ఊపిరి. రెండు గీతలకు మనసులో “ఒకటి, రెండు” అనుకోవాలి. మూడు గీతలంటే తల ఎత్తి జనాన్ని చూసి, అప్పుడు ముక్క తిప్పాలి. మైదానంలో ఆ రెండో గీత మరీ అవసరం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, వంద మీటర్ల అవతల కట్టిన హారన్ మైకు మాట వేదిక దగ్గరికి దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా తిరిగొస్తుంది. ఆగకుండా మాట్లాడితే మన మాట మీద మన మాటే పడి, వెనక వరుసకు గోల మిగులుతుంది.

చివర రాసిన 1:35, ఆ ముక్క ముగిసేసరికి మొదటి నుంచి గడిచి ఉండాల్సిన సమయం. ఒక్కో ముక్కకు విడిగా 20 సెకన్లు, 25 సెకన్లు అని రాసుకుంటే వేదిక మీద కూడుకుంటూ కూర్చోవాలి. ఇలా మొత్తం రాసుకుంటే గడియారంతో ఒక్క చూపులో పోల్చుకోవచ్చు. ఆ సమయాన్ని మాటల లెక్కతో అంచనా వేయకండి. “1956” కాగితం మీద ఒక్క మాటలా కనిపిస్తుంది, నోటికొచ్చేసరికి “పంతొమ్మిది వందల యాభై ఆరు” అవుతుంది. సంఖ్యలు ఎక్కువున్న ఉపన్యాసాలు గడువు దాటేది ఇందుకే. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, గీతల దగ్గర నిజంగా ఆగుతూ, నిలబడి గట్టిగా చెప్పి చూసుకోవాలి. కూర్చుని గొణుక్కుంటే తక్కువ సమయమే వస్తుంది, దాన్ని నమ్మితే వేదిక మీద ఇబ్బందే.

ముక్కలు సరిగ్గా తయారయ్యాయో లేదో ఆ సాధనలోనే తెలిసిపోతుంది. ఒక ముక్క దగ్గర కళ్లు కిందే ఉండిపోతున్నాయంటే దాని మీద మాటలు ఎక్కువయ్యాయన్నమాట. దాన్ని రెండు చేయాలి. ఒక ముక్క చూసి ప్రతిసారీ తడుముకుంటున్నారంటే కీలకమైన మాట ఎగిరిపోయిందని అర్థం, దాన్ని తిరిగి చేర్చాలి.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, “మూడు నిమిషాల్లో ముగించండి సార్” అని చెవిలో చెప్పడం మన సభల్లో మామూలే. అందుకే వదిలేసినా నష్టం లేని ముక్కల మూలన ముందే ఎర్ర చుక్క పెట్టుకోవాలి. పైన చెప్పిన 4వ ముక్కకు చుక్క పెట్టను, తాలూకా పేరు ఉన్న ఆ ఒక్క వరుసకే పెడతాను. మిగతాదంతా ఊరి కథే కదా.