నారుమడి ఫోటోలో టమాటా, కామంచి

టమాటా నారుమడిలో మొలిచే కలుపుల్లో తోటమాలిని ఎక్కువగా తికమకపెట్టేది కామంచి. టమాటా, కామంచి రెండూ ఒకే కుటుంబానికి, అంటే వంగ, మిరప, ఉమ్మెత్త కూడా చేరే సొలనేసి కుటుంబానికి చెందినవి కావడమే ఇందుకు కారణం. గరిక, తుంగ వంటివి గడ్డిపోచల్లా నిటారుగా పొడుచుకు వస్తాయి గనుక వాటిని ఎంత మసక ఫోటోలోనైనా ఏరివేయవచ్చు. కామంచి అలా కాదు. పెరిగాక నల్లని చిన్న పండ్ల గుత్తులతో ఎవరైనా పోల్చుకోగలిగే ఈ మొక్క, మొలకగా ఉన్న రెండు వారాలూ టమాటా పక్కన దాని తోబుట్టువులాగే కనిపిస్తుంది.

మొలకను పోల్చుకోవడానికి ముందుగా దాని మీద ఉన్న రెండు తరాల ఆకులను విడదీసి చూడాలి. విత్తనం లోపలే తయారై ఉండి, మొలకతో పాటు నేల పైకి వచ్చి విచ్చుకునే తొలి జంటను బీజదళాలు అంటారు. ఆ జంట నడుమ నుంచి తరువాత పుట్టుకొచ్చే, ఆ జాతికి తగిన రూపం గల ఆకులను నిజపత్రాలు అంటారు. బీజదళాలు నిజపత్రాలను పోలి ఉండవు. టమాటా ఆకు అంచులు నొక్కులు నొక్కులుగా ఉంటాయని తెలిసినవారు, నొక్కులు లేని బీజదళాలను చూసి అది కలుపేనని తీర్మానించి, మడిలోని టమాటా మొలకలన్నిటినీ పీకి పారేయడం ఇందువల్లే జరుగుతుంది.

విత్తి సుమారు రెండు వారాలైన టమాటా మడిని పైనుంచి తీసిన ఒక ఫోటోను ఉదాహరణగా తీసుకుందాం. అందులో ఒక రకం మొలకల బీజదళాలు సన్నగా, పొడవుగా, కొస తేలి ఈటె మొనలా ఉంటాయి. వాటి నడుమ అప్పుడే వస్తున్న ఆకు చిన్నదే అయినా, మధ్య ఈనెకు రెండు వైపులా చిన్న చిన్న పత్రకాలుగా చీలి, అంచున నొక్కులు చూపుతుంది. ఇది టమాటా. రెండో రకం మొలకల బీజదళాలు పొట్టిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండి కొసన కొద్దిగా మొన తేలతాయి. వాటి నడుమ వచ్చే ఆకు ఎక్కడా చీలకుండా ఒకే రేకుగా ఉంటుంది. ఇది కామంచి. మూడో రకం మొలకకు చిన్న గుండ్రని బీజదళాలు, నేలకు అంటుకుపోయినట్లు చక్రంలా పరచుకున్న ఆకులు ఉంటాయి. తొలి ఆకులు దాదాపు నిండుగా ఉన్నా, తరువాతివి ఒకదాన్ని మించి ఒకటి లోతుగా చీలుతూ పోతాయి. ఇది కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే వయ్యారిభామ. చీలిన ఆకును మాత్రమే గుర్తుగా పెట్టుకున్నవారు దీన్ని టమాటాగా పొరబడే అవకాశం ఉంది. కాని టమాటా మొలక కాడ మీద లేచి నిలబడుతుంది, వయ్యారిభామ లేతదశలో కాడ చూపకుండా నేలమీదే ఒదిగి ఉంటుంది. పైనుంచి తీసిన ఫోటోలో ఈ తేడా కనబడదు గనుక, నేల మట్టానికి కెమెరా దించి పక్కనుంచి తీసిన మరొక ఫోటో తప్పనిసరి అవుతుంది.

ఫోటో దాచే రెండో సంగతి పరిమాణం. దగ్గరగా తీసిన కామంచి మొలక, దూరంగా తీసిన టమాటా మొలకంత కనిపిస్తుంది. మొలక పక్కన పది రూపాయల నాణెం ఒకటి పెడితే ఈ చిక్కు తీరుతుంది; ఆ నాణెం అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. బాగా విచ్చుకున్న టమాటా బీజదళాల జంట, ఒక కొస నుంచి రెండో కొస వరకు, సాధారణంగా ఆ నాణేన్ని దాటిపోతుంది. కామంచి జంట దాని లోపలే ఇమిడిపోతుంది. ఫోటో తీసే వేళ కూడా ముఖ్యమే. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ ఫ్లాష్ వెలుగులోనూ ఆకులన్నీ తెల్లబోతాయి. ఉదయపు ఏటవాలు వెలుగులో అయితే టమాటా కాడ చుట్టూ ఉన్న సన్నని నూగు అంచు వెంట మెరుస్తుంది, కాడ అడుగున తరచుగా ఉండే ఊదా ఛాయ కూడా తెలుస్తుంది. అయితే ఆ ఊదా రంగును ఒక్కదాన్నే నమ్మడం తగదు. చలికి లేదా భాస్వరం కొరతకు ఇతర మొలకలు కూడా ఊదా రంగుకు తిరుగుతాయి.

ఈ గుర్తులకు హద్దులు ఉన్నాయి. టమాటాలోనే బంగాళాదుంప ఆకు రకాలు అని పిలిచేవి కొన్ని ఉన్నాయి. వాటి పత్రకాల అంచులు నొక్కులు లేకుండా నున్నగా ఉంటాయి గనుక, తొలి ఆకు దశలో వాటిని కామంచి అనుకోవడం సులభం. వంగ మడిలో చిక్కు మరింత ఎక్కువ, ఎందుకంటే వంగ తొలి నిజపత్రం కూడా చీలకుండా ఒకే రేకుగానే ఉంటుంది. అక్కడ చూడవలసింది ఆకు చీలికను కాదు, ఆకు ఒంటిని. వంగ ఆకు మందంగా, దట్టమైన మెత్తని నూగుతో బూడిద పూసినట్లు కాంతిహీనంగా ఉంటుంది, కామంచి ఆకు పలచగా ఉంటుంది. మిరప మొలకైతే నూగు దాదాపు లేకుండా నిగనిగలాడుతుంది. ఏ గుర్తు ఏ మడికి పనికివస్తుందో మడిలో విత్తినదాన్ని బట్టి మారుతుంది కనుక, ఫోటోతో పాటు ఏ విత్తనం, ఏ రోజున విత్తారన్నది రాసి పంపని ప్రశ్నకు నమ్మకమైన జవాబు రావడం కష్టం.

వరుసలో ఉన్నది పంట, వరుస తప్పినది కలుపు అనే సూత్రం చాలామంది వాడుతారు. అది సగం మాత్రమే నిజం. నీరు, ఎరువు వరుస వెంటే అందుతాయి గనుక కామంచి కూడా వరుసలోనే జోరుగా మొలుస్తుంది. మరోవైపు, వంటింటి చెత్తతో చేసిన కంపోస్టు సరిగా వేడెక్కకపోతే అందులోని టమాటా గింజలు చావకుండా మడిలోకి వచ్చి వరుసల మధ్య మొలుస్తాయి. అవి నిజంగా టమాటాలే, కాని విత్తిన రకానివి కావు. ఆకు చూసి వాటిని విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు, కాబట్టి అటువంటిచోట ఆకును వదిలి వరుసను నమ్మడమే మేలు.

ఇన్ని సందేహాలకూ విత్తే రోజే వేసుకోగల మందు ఒకటి ఉంది. అదే ప్యాకెట్టులోని నాలుగైదు గింజలను కలుపు గింజలు లేని కొబ్బరి పొట్టు నింపిన చిన్న కుండీలో మడితో పాటే విత్తితే, అందులో మొలిచింది టమాటాయే అవుతుంది. ఆ కుండీని మడి అంచున పెట్టి ఒకే ఫోటోలో రెండింటినీ తీస్తే, పోల్చడానికి పుస్తకంలోని బొమ్మ అవసరం ఉండదు. కుండీ పెట్టనివారికి మిగిలేది నిరీక్షణ. మరో వారం ఆగితే రెండో, మూడో నిజపత్రం వచ్చి తేడా బయటపడుతుంది. ఆ వారం రోజుల్లో కామంచి టమాటాకు చేసే నష్టం స్వల్పమే. కాని దాన్ని పూత దాకా వదిలేస్తే, ఆకుముడత వైరస్‌ను మోసే తెల్లదోమకు అది కూడా ఆశ్రయమవుతుంది. ఓపిక లేనివారు అనుమానపు మొలక ఆకు కొసను వేళ్ల మధ్య నలిపి వాసన చూడవచ్చు. టమాటా ఆకు ఘాటు వాసన వేలికి గంటసేపు అంటుకుని ఉంటుంది. వయ్యారిభామ చర్మానికి దురద, పొక్కులు తెస్తుంది గనుక, నేలకు పరచుకున్న ఆకుల మీద మాత్రం ఈ పరీక్ష చేయకూడదు.