టేక్‌హోమ్ ఎంతండీ? - ఒక ప్రశ్నను చదవడం

పెళ్లిచూపులు అనే ప్రక్రియలో అమ్మాయికి జవాబులే ఉండేవి గాని ప్రశ్నలుండేవి కావు. పేరేమిటమ్మా, ఏం చదివావు, పాడటం వచ్చా అని పెద్దవాళ్లు అడిగేవారు. కట్నం, పొలం, ఉద్యోగం సంగతులు వేరే గదిలో, మగవాళ్ల మధ్య, మధ్యవర్తి నోటితో నడిచేవి. ఇప్పుడు ఆ రెండు గదులూ ఫోన్‌లో ఒకే తెర మీదికి వచ్చాయి. మాట్రిమోనీ సైట్‌లో పరిచయమైన ఇద్దరు పెద్దవాళ్లెవరూ లేకుండా నేరుగా మాట్లాడుకుంటున్నారు. ఇది కచ్చితంగా ఒక ముందడుగే. అయితే మధ్యవర్తి ప్రశ్నలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ‘హాయ్ అండీ’ తర్వాత నాలుగో మెసేజ్‌లోనో ఐదో మెసేజ్‌లోనో అవి అబ్బాయి వేళ్ల మీదుగా వస్తున్నాయి.

మరీ తొందరగా జీతం గురించో కుటుంబం గురించో అడిగితే మర్యాద చెడకుండా ఏం చెప్పాలి అని మన అమ్మాయిలు ఒకరినొకరు అడుగుతున్నారు. మర్యాదగా అడగడమెలా అనే చర్చ అబ్బాయిల మధ్య జరుగుతున్నట్టు నాకు కనబడలేదు. మర్యాద బరువంతా జవాబు చెప్పే మనిషి మీదే పడుతోంది. అందువల్ల జవాబు కంటే ముందు ప్రశ్నను ఒక పాఠ్యంలా చదవడం అవసరమనిపిస్తోంది.

ఒక స్నేహితురాలు తన సంభాషణ చూపించి, పేరు లేకుండా రాయడానికి ఒప్పుకుంది. ఆమె ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్. అతను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆమె ప్రొఫైల్‌లో వార్షికాదాయం గడినీ ఆస్తుల గడినీ ఖాళీగా వదిలింది, ఇంటిపేరు రాయలేదు. పలకరింపులు, చూసిన సినిమాల కబుర్లు అయ్యాక అతని ప్రశ్నలు ఈ వరసలో వచ్చాయి.

‘మీ ఇంటిపేరేంటండీ? ప్రొఫైల్‌లో లేదు.’

‘నాన్నగారు ఏం చేసేవారు? సొంత ఇల్లేనా?’

‘మీరు ఒక్కరేనా, అన్నదమ్ములున్నారా?’

‘కాలేజీలో రెగ్యులరేనా, కాంట్రాక్టా? టేక్‌హోమ్ ఎంత వస్తుంది?’

ఈ నాలుగూ వేరువేరు సంగతులలా కనబడతాయి. నిజానికి నాలుగూ ఒకే లెక్కలోని అంకెలు. తెలుగునాట ఇంటిపేరు అడగడం చాలాసార్లు కులం అడగడమే. ఇంటిపేరుతో తేలకపోతే సొంతూరు, ఊళ్లో ఇల్లు ఏ వైపు, నాన్‌వెజ్ తింటారా అంటూ అదే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అన్నదమ్ముల ప్రశ్న ఆప్యాయంగా వినబడుతుంది గాని అది ఆస్తి ప్రశ్న. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచీ, దేశమంతటా 2005 సవరణతోనూ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. స్త్రీల కోసం వచ్చిన హక్కును స్త్రీల కంటే ముందు పెళ్లి సంబంధాల వాళ్లే లెక్కకట్టడం నేర్చుకున్నారు. ‘ఒక్కతే కూతురా’ అనే ముచ్చటైన మాట లోపల ఎన్ని వాటాలు పడతాయనే లెక్క ఉంది. ఇక రెగ్యులరా, కాంట్రాక్టా అన్నది మన ఉద్యోగాల్లో జీతం అంకెకు మారుపేరని ఈ పత్రిక చదివే అధ్యాపకులకు చెప్పనక్కర్లేదు.

కట్నం ఎంతిస్తారు అని అతను అడగలేదు. ఆ మాట తప్పని అతనికి తెలుసు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం పెళ్లికి సంబంధించి ఇచ్చే, ఇస్తామనే ఆస్తిని దృష్టిలో పెట్టుకుని రాసింది. నెలనెలా భార్య ఖాతాలో పడే జీతం ఆ నిర్వచనంలో సులువుగా ఇమడదు. ఒకేసారి ఇచ్చే కట్నం అడగడానికి సిగ్గుపడే మనిషి ముప్పై ఏళ్లపాటు వచ్చే జీతం అడగడానికి సిగ్గుపడడు. పైగా అది ఆధునికంగా కూడా వినబడుతుంది. ‘ఉద్యోగం చేసే అమ్మాయంటే నాకు గౌరవం’ అని అతను ముందే రాసి ఉన్నాడు.

ఇలాంటప్పుడు మనవాళ్లు ఇచ్చే జవాబులు నాలుగు రకాలు. అడిగినదంతా వరసగా చెప్పేయడం మొదటిది. మంచి విద్యార్థినిగా పెరిగిన అలవాటు అది. ప్రశ్న కనబడితే ఖాళీ వదలలేం. రెండోది చతురోక్తి. ‘మీరేమన్నా ఇన్‌కమ్‌టాక్స్ వాళ్లా’ అంటే ఒకసారి నవ్వుతాడు, రెండ్రోజులాగి మళ్లీ అడుగుతాడు. చతురోక్తి ప్రశ్నను వాయిదా వేస్తుంది గాని దాని గురించి ఏమీ చెప్పదు. మూడోది ఉపన్యాసం. అందులోని మాటలు నిజమే అయినా, ఎదుటి మనిషి ఎందుకు అడిగాడో తెలియకముందే తీర్పు వచ్చేస్తుంది. నాలుగోది మౌనం. దానికి ప్రతి స్త్రీకీ హక్కుంది. కాకపోతే మౌనంతో తెలుసుకోగలిగేది ఏమీ లేదు.

నా స్నేహితురాలు ఇంటిపేరు ప్రశ్నకు ‘కులం తెలుసుకోవాలనుకుంటే నేరుగా అడగండి, పర్వాలేదు’ అంది. అతను ‘అబ్బే, ఊరికే’ అన్నాడు. జీతం దగ్గరికొచ్చేసరికి ఆమె ఇలా రాసింది: ‘నా ఖర్చులకు నేను ఎవరి మీదా ఆధారపడనండీ. అమ్మకు కూడా పంపుతాను. అంకెలు ఇప్పుడే వద్దు. ఒకసారి కలిసి, ముందుకెళ్దామని ఇద్దరికీ అనిపిస్తే అప్పుడు మీవీ నావీ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. నా జీతం తెలిస్తే మీకు ఏ విషయం తేలుతుందో చెప్తారా?’

ఈ జవాబును కొంచెం ఆగి చూడాలి. ఇందులో అబద్ధం లేదు. అతని అవసరానికి పనికొచ్చే సమాచారం ఉంది, అంకె మాత్రం లేదు. పెళ్లయ్యాక కూడా తల్లికి డబ్బు పంపుతాననే షరతు ఏ గొడవా లేకుండా ఆ రెండో వాక్యంలో కూర్చుంది. ఎప్పుడు చెబుతుందో గడువు ఉంది కాబట్టి ఇది దాచడం కాదు. ‘మీవీ నావీ’ అనడంతో అడిగే హక్కు ఇద్దరిదీ అయింది. చివరి వాక్యం ప్రశ్నను అడిగినవాడికే తిరిగి అప్పజెప్పింది. ఎందుకు అడుగుతున్నావు అని నిలదీస్తే దెబ్బలా తగిలేది. ఏ విషయం తేలుతుంది అనడంలో నీ అవసరం ఏదో ఉండి ఉంటుందనే గౌరవం ఉంది. దీన్నే నేను మర్యాద అంటాను. ఒదిగి ఉండటానికీ దీనికీ సంబంధం లేదు.

ప్రశ్నను దాని లెక్క ప్రకారమే నడిపించి తిప్పికొట్టడం మన సాహిత్యానికి కొత్త కాదు. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’లో కమల, డబ్బిచ్చి కొన్నాం గనక వరుడే మా ఇంటికి రావాలని వాదిస్తుంది. ఆమెది పెళ్లి అయిపోయాక దొరికిన మాట. ఈ కాలపు స్త్రీకి ఆ అవకాశం పెళ్లికి ముందే, తన చేతిలోని ఫోన్‌లోనే ఉంది.

అతను ఒక రోజంతా జవాబివ్వలేదు. తర్వాత ‘అమ్మ అడగమందండీ’ అని రాశాడు. ఈ ఒక్క వాక్యంతో ఇద్దరి సంభాషణ అనుకున్నది ముగ్గురిదని తేలింది. ‘అమ్మగారి ప్రశ్నలు అమ్మగారినే మా అమ్మను అడగనివ్వండి. మీ ప్రశ్న ఏమిటో చెప్పండి’ అందామె. అప్పుడు అసలు సంగతి వచ్చింది. ఫ్లాట్ కొన్నారు. నెలకు 45,000 ఈఎంఐ. ఒక్క జీతంతో కష్టంగా ఉంది.

ఇక్కడ అతని మీద నాకు జాలే కలిగింది. అప్పు గురించి ముందే చెప్పడం నిజాయితీ. ఉద్దేశం బయటికి చెప్పిన ప్రశ్న, చెప్పని ప్రశ్న ఒకటి కావు. ఇద్దరూ సంపాదించి ఇల్లు నిలబెట్టుకోవాలనుకోవడంలో తప్పేముంది? నా స్నేహితురాలికీ అలాగే అనిపించింది. ఆమె ఒక్కటే అడిగింది: ‘ఫ్లాట్ ఎవరి పేరు మీద రిజిస్టర్ అయింది?’

‘నాన్న పేరు మీద.’

బ్యాంకు అప్పులో పేరు కలిపితే ఆ బాకీకి మనం కూడా బాధ్యులం. రిజిస్ట్రేషన్‌లో పేరు లేకపోతే ఇంట్లో వాటాదారులం కాము. పేరు ఎక్కడా లేకుండా నెలనెలా జీతం ఇస్తూ పోతే, విడిపోయిన రోజున ఇచ్చినదానికి రుజువు బ్యాంకు స్టేట్‌మెంట్ మాత్రమే. ‘టేక్‌హోమ్ ఎంతండీ’ అనే రెండు మాటల వెనక ఇంత ఉంది. అంకె చెప్పేసి ఉంటే ఇది ఎప్పటికి బయటపడేదో. ‘నా పేరు కూడా ఉండే ఇంటికైతే ఈఎంఐ గురించి సంతోషంగా మాట్లాడతాను’ అని ఆమె రాసింది. అతను అడిగి చెబుతానన్నాడు.

స్త్రీలు మాత్రం జీతం అడగరా అనే ఎదురుప్రశ్న వస్తుంది. అడుగుతారు, అడగాలి కూడా. ఉద్యోగం, ఊరు, కొన్నిసార్లు దేశం వదిలి వెళ్లేది ఇప్పటికీ ఎక్కువగా స్త్రీయే కాబట్టి ఎక్కడ నిలబడబోతోందో తెలుసుకోవడం ఆమెకు అవసరం. కానీ కొలబద్ద ఇద్దరికీ ఒకటే. ఎందుకో చెప్పాలి, తనది ముందు చెప్పాలి. ‘పెళ్లయ్యాక రెండేళ్లు చదువుకోవాలనుకుంటున్నాను, నా జీతం ఇంత, ఆ రెండేళ్లూ ఇల్లు ఎలా గడుస్తుందో మాట్లాడుకోవాలి’ అంటే అది ప్రశ్న. ‘ప్యాకేజీ ఎంత’ అని ఊరుకుంటే అది బేరం, ఎవరడిగినా.

ఈ మర్యాద అందరికీ ఒకే ధరకు దొరకదు. నా స్నేహితురాలికి చేతిలో జీతం ఉంది, ఈ సంబంధం పోయినా ఇంట్లో నిష్ఠూరాలు భరించగలదు. ‘కులం నేరుగా అడగండి, పర్వాలేదు’ అనగలిగింది, ఆమె కులానికి ఆ జవాబు వల్ల జరిగే నష్టం తక్కువ కాబట్టి. అదే ఇంటిపేరు ప్రశ్న ఒక దళిత స్త్రీకి వచ్చినప్పుడు, జవాబు తర్వాత మెసేజ్‌లు ఆగిపోవడం ఆమెకు చాలాసార్లు తెలిసిన అనుభవం. నాకు తెలిసిన ఒకామె అందుకే తన కులాన్ని ప్రొఫైల్ మొదటి వాక్యంలోనే తన మాటల్లో రాసుకుంది. కూపీ లాగే అవకాశం ఇంక ఎవరికీ లేదు. ఇంకొకామె కలిసేదాకా చెప్పనంటుంది, ముందు మనిషిగా చూడగలడో లేదో చూస్తానంటుంది. ఈ రెండింటిలో ఏది మేలో చెప్పే అర్హత నాకు లేదు. కులం పట్టింపు లేదని సులువుగా రాసేసే మనలాంటి వాళ్లు, ఆ వాక్యం ఎవరికి ఖర్చు లేకుండా దొరుకుతుందో గమనించాలి.

అడిగి చెబుతానన్న అతను తిరిగి రాయలేదు. అది ఓటమి అని ఆమె అనుకోవడం లేదు, నేనూ అనుకోవడం లేదు. పెళ్లయిన మూడేళ్లకు తెలియాల్సిన సంగతి మూడు రోజుల్లో తెలిసింది. ఆమె ప్రొఫైల్‌లో ఆదాయం గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. దాని పక్కన, తన గురించి రాసుకునే చోట, ఒక వాక్యం మాత్రం కొత్తగా చేర్చింది: ‘జీతాలూ అప్పులూ కలిసిన తర్వాత, ఇద్దరివీ.’