బెండు మునిగే దాకా

ఈ నెల మా బడి గోడపత్రికలో పదో తరగతి అన్న ఒకరు రాసిన కథ మీలో చాలామంది చదివే ఉంటారు. గంజాం నుంచి సూరత్ వెళ్ళిన ఒక మరమగ్గం కార్మికుడు రాత్రి డ్యూటీ దిగి వచ్చి, ఫోనులో చేపలు పట్టే ఆట ఆడుకుంటాడు. కథ అంతే. పెద్ద సంఘటనలేవీ లేవు. అయినా రెండుసార్లు చదివాను.

సూరత్ మగ్గాల దగ్గర రాత్రి డ్యూటీ అంటే మామూలుగా సాయంత్రం 7 నుంచి ఉదయం 7 దాకా, 12 గంటలు. నేసిన మీటర్ల లెక్కన డబ్బులిస్తారు. ఒక్కడే చాలా మగ్గాలు చూసుకోవాలి. దారం తెగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే డబ్బు ఆగుతుంది. అందుకని దారం తెగీ తెగగానే చెయ్యి అక్కడికి వెళ్ళిపోవాలి. తెల్లారి మెస్సుకి వస్తే, పగటి డ్యూటీవాళ్ళు లేచి వెళ్ళిన చోటే వీళ్ళు పడుకోవాలి. రచయిత ఇవన్నీ తెలుసుకునే రాశాడు.

ఇక ఆట. నీళ్ళ మీద బెండు తేలుతూ ఉంటుంది. చేప ఎరని ముడితే బెండు కొంచెం కదులుతుంది. అప్పుడే నొక్కితే చేప పారిపోతుంది. బెండు పూర్తిగా మునిగాకే నొక్కాలి. 2020లో నింటెండో తెచ్చిన యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్ ఆటలో కూడా ఇదే పద్ధతి. చేప నాలుగుసార్ల దాకా ముట్టి వదిలేయొచ్చు, ఐదోసారి మాత్రం తప్పకుండా మింగుతుంది. మన బాహుదా ఏటి ఒడ్డున గాలం వేసేవాళ్ళు కూడా బెండు వణికితే లాగొద్దంటారు. (ఏటి చేపకి ఐదు అనే లెక్క తెలీదనుకోండి!)

కథలో గొప్ప చోటు ఇక్కడే ఉంది. మొదటి రోజుల్లో అతను బెండు కదలగానే నొక్కేస్తాడు. అది మగ్గం నేర్పిన చెయ్యి కదా! చేపలన్నీ పోతాయి. కానీ ఎవరూ డబ్బు కోయరు, ఎవరూ అరవరు. పోనుపోను అతని వేలు ఆగడం నేర్చుకుంటుంది. ‘అతనికి ప్రశాంతత దొరికింది’ అని రచయిత ఒక్క మాట కూడా రాయలేదు. ఆగిన వేలుని చూపించాడు, అది చాలు. ఒకరోజు బెండు నీళ్ళలో ఉండగానే అతను నిద్రపోతాడు.

కథ అక్కడ ఆపేయాల్సింది. ఆపలేదు. తర్వాత అర పేజీలో అతను అన్నిటికంటే పెద్ద చేప పట్టి, పాయింట్లలో మొదటి స్థానానికి వస్తాడు, మెస్సులో అందరూ చప్పట్లు కొడతారు. పాయింట్లు లెక్కపెట్టడం మొదలైతే అవి మళ్ళీ మీటర్లే కదా? నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. “పాపం, ఎక్కడా గెలవనివాడు, ఆటలోనైనా గెలవనీయవే” అంది. ఆ మాట నేను తేలిగ్గా తీసేయలేను. కానీ అతను గెలవాలని ఆ ఆట మొదలుపెట్టలేదు. చేప పోయినా ఏమీ పోని చోటు అది ఒక్కటే గనక ఆడాడు.

ఆ అర పేజీ వదిలేసి మా అమ్మకి కథ చదివి వినిపించాను. “ఫోను ఆపి పడుకోబెట్టేవాళ్ళు లేరా అతనికి?” అని అడిగింది.