భయం తర్వాతి వాక్యం

ఆరోగ్యం మీద చిన్న చిన్న పోస్టులు రాయడం నా పని. భయపెట్టొద్దని నేనెవరికీ చెప్పను. కుక్కకాటు సంగతే చూడండి. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. దాన్ని మెత్తగా రాస్తే అబద్ధం రాసినట్టే.

మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి ఆమధ్య దీని మీదే ఒక పోస్టు తెచ్చింది. ‘కుక్క కరిచిందా? నిర్లక్ష్యం చేస్తే చావు ఖాయం!’ కింద నురగ కక్కుతున్న కుక్క బొమ్మ. అంతే.

“చదివినవాళ్లు ఏం చేయాలమ్మా?” అన్నాను.

“ఆసుపత్రికి వెళ్తారు కదండీ.”

వెళ్లకపోవచ్చు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న దడ మన పెద్దవాళ్లకు ఇంకా పోలేదు, ఆ పాత టీకా ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటినా. అటు జబ్బు భయం, ఇటు సూది భయం. మధ్యలో చిక్కిన మనిషి పసరు కట్టు దగ్గరికి పోతాడు, లేదా ‘మన వీధి కుక్కే, ఏం కాదులే’ అనుకుంటాడు.

చావు మాటను ఒక్క వాక్యంగా పైనే ఉంచి, మిగతాది ఇలా మార్చాం: ‘ధారగా పడే నీళ్ల కింద, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం పెట్టొద్దు. ఈరోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. టీకా ఉచితం. పెద్దవాళ్లకు జబ్బకే వేస్తారు, బొడ్డు చుట్టూ కాదు. రాసిచ్చిన తేదీల్లో ఒక్కటీ మానొద్దు. కరిచి వారమైనా సరే, ఇప్పుడైనా వెళ్లండి.’

ఆ చివరి వాక్యం కోసం పట్టుబట్టాను. ‘ఆలస్యం చేస్తే అంతే’ అన్న మాట ఇంకా ఆలస్యం చేయనివాణ్ని కదిలిస్తుంది. ఇప్పటికే చేసినవాడికి మాత్రం అది తీర్పులా వినపడుతుంది. ఇక వెళ్లి ఏం లాభమని ఊరుకుంటాడు.

భయంతోపాటు ఏం చేయాలో కూడా చెప్పాలన్నదానికి పాత రుజువే ఉంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ధనుర్వాతం టీకా మీద జరిపిన ప్రయోగం ఫలితాలు 1965లో వచ్చాయి. భయపెట్టే పుస్తకం మాత్రమే చదివిన విద్యార్థుల్లో సుమారు 3 శాతం మంది టీకా వేయించుకున్నారు. దాంతోపాటు ఆరోగ్య కేంద్రానికి దారి చూపే పటం, ఎప్పుడు వెళ్లాలో అనుకూలమైన వేళ చూసుకోమన్న మాట కూడా అందినవాళ్లలో దాదాపు 28 శాతం. భయం ఎక్కువ పెట్టినా తక్కువ పెట్టినా పెద్ద తేడా రాలేదు. అసలు భయమే లేకుండా ఆ దారి, వేళ సూచనలు మాత్రమే ఇస్తే ఎవరూ కదల్లేదు.

కుక్కకాటు టీకా కొన్ని వారాల్లో ముగిసే పని, అందుకే అక్కడ భయం పనికొస్తుంది. షుగర్ జీవితాంతం ఉండేది. తీసేసిన కాలి ఫొటోను షుగర్ ఉన్నవాళ్లకు రోజూ చూపిస్తే చూపు తిప్పుకుంటారు. వాళ్లకు ‘రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి’ అని రాయడమే మేలు.

పోస్టు పనిచేసిందో లేదో వచ్చే జవాబులే చెబుతాయి. దండం బొమ్మలు, ‘అయ్యో’లు వస్తే జనం భయపడి ఊరుకున్నారని అర్థం. ‘ఆదివారం వేస్తారా?’ అని అడిగితే బయలుదేరుతున్నారన్నమాట. మీరూ ఇలాంటి పోస్టు పంపేటప్పుడు, ముందు మీ ఊరి ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ ఆదివారం సంగతి కనుక్కొని రాయండి.